మూడు వాక్యాల్లో మధ్యది

*మాది మదనపల్లె. నేను బెంగళూరు రామమూర్తి నగర్‌లో, తమ్ముడు ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటాం. మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ నా దగ్గరే ఉంది. మాది మూడో అంతస్తు. 9 రోజులు లిఫ్ట్ పనిచెయ్యలేదు. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ ఒంటరిగా కిందికి దిగబోయి మెట్ల మధ్యలో కూలబడి ఉంది. ఆ కంగారులో మా పిన్ని కూతురికి 2 నిమిషాల వాయిస్ పంపి, దాని కింద మూడు మెసేజ్‌లు కొట్టాను: “ఇంక నా వల్ల కాదు.” “వాడికేం, నెలనెలా డబ్బు పంపితే అయిపోయిందనుకుంటాడు.” “అమ్మను పంపించేస్తేనే నాకు మనశ్శాంతి.” ఆ మూడింటినీ తను స్క్రీన్‌షాట్ తీసి మా మరదలికి “వదినా, పెద్దమ్మ మీ ఇంటికొస్తోందా?” అని పంపింది. తమ్ముడు దాన్ని ఇంటి గ్రూపులో పెట్టి “థాంక్స్ అక్కా” అని రాశాడు. అమ్మ కూడా చూసింది. ఆదివారం వచ్చి అమ్మను తీసుకెళ్లిపోయాడు. 12 రోజులైంది, ఫోన్ ఎత్తడు. నా వాయిస్ వింటే వాడికే అంతా అర్థమవుతుంది. ఆ వాయిస్, మొత్తం చాట్ పంపేద్దామనుకుంటున్నాను. వాటితో పాటు ఏం రాయాలో చెప్పండి.*

*— ఒక అక్క*

ఆ వాయిస్ ఇంకా పంపలేదు కదా, మంచిది. పంపే ముందు ఒకసారి మీరే వినండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మీ తమ్ముడు వింటున్నట్టుగా వినండి. వాడు సోఫాలో కూర్చున్నాడు, పక్కన మీ మరదలు ఉంది, లోపలి గదిలో అమ్మ పడుకుని ఉంది అనుకోండి. లిఫ్ట్ సంగతి వినిపిస్తుంది. మెట్ల మీద అమ్మను చూసినప్పుడు మీ గొంతు ఎలా వణికిందో వినిపిస్తుంది. దాంతో మొదటి వాక్యమూ మూడో వాక్యమూ మారిపోతాయి. “ఇంక నా వల్ల కాదు” అంటే ఈ భయం నేను భరించలేను అని, “పంపించేస్తేనే మనశ్శాంతి” అంటే మెట్లు లేని ఇంట్లో ఉంటే అమ్మకి మంచిదని అర్థమవుతుంది.

మరి మధ్య వాక్యం సంగతేంటి? “వాడికేం, నెలనెలా డబ్బు పంపితే అయిపోయిందనుకుంటాడు.” ఆ 2 నిమిషాల్లో ఈ మాట అర్థాన్ని మార్చే ముక్క ఒక్కటైనా ఉందా? నాకైతే ఉంటుందనిపించడం లేదు. ఆ వాక్యానికి లిఫ్ట్‌తో సంబంధం లేదు. సందర్భం తెలిసినా తెలియకపోయినా దాని అర్థం అదే. మీరు ఉత్తరంలో మూడింటినీ కలిపి రాశారు, మూడింటికీ కలిపి ఒకే జవాబు ఉందనుకుంటున్నారు. గొడవ తెగకుండా ఉన్నది అక్కడేనని నా అనుమానం. అమ్మ గురించిన మాటకు వాడు కోపం తెచ్చుకున్నాడు, వచ్చి తీసుకెళ్లాడు, ఆ కోపానికి ఒక పని దొరికింది. తన గురించి మీరన్న మాటకు మాత్రం చెయ్యడానికి ఏమీ లేదు. అందుకే ఫోన్ ఎత్తడం లేదు.

అలాగని మీకు జరిగిన అన్యాయాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. స్క్రీన్‌షాట్ మీ మాటకు ఏం చేసిందో మీరు వివరంగా తెలుసుకోవాలి. అది తెలిస్తేనే వాడు ఎందుకలా చదివాడో మీకు అర్థమవుతుంది. మీరు చెప్పాల్సిన సందర్భమంతా వాయిస్‌లో ఉంది. స్క్రీన్‌షాట్‌లో వాయిస్ వినపడదు. ఫ్రేములో పడితే చిన్న గీతల పట్టీ, పక్కన 2 నిమిషాలని అంకె కనిపిస్తాయి, అంతే. పైకి పోయి ఫ్రేములోనే పడకపోతే అదీ లేదు. ప్రతి మెసేజ్ మూలన గంట, నిమిషం ఉంటాయి గానీ తేదీ ప్రతి మెసేజ్‌కీ ఉండదు. రోజు మారిన చోట మాత్రమే వస్తుంది. కాబట్టి ఆ మాట లిఫ్ట్ పాడైన రోజుల్లోదో, అమ్మ మీ ఇంటికొచ్చిన మర్నాటిదో ఆ బొమ్మ చూసి చెప్పలేం. మీ చెల్లెలు ఏమడిగితే మీరు అలా రాశారో కూడా అందులో లేదు. మీ మాటలు ఎడమవైపు, తెల్ల గడుల్లో ఉండి ఉంటాయి, ఎందుకంటే అది తన ఫోన్‌లో తీసిన బొమ్మ. చూసేవాడికి “అక్క నా వెనకాల వేరేవాళ్లతో ఇలా మాట్లాడుతుందన్నమాట” అని తెలియజెప్పేది ఆ ఎడమవైపే. మీరు ఆ క్షణంలో అన్న మాట, ఎప్పుడూ అనే మాటలా కనిపించింది.

మన భాష కూడా కొంత పని చేసింది. “పంపిస్తే” అని ఉంటే అమ్మ ఎక్కడికో వెళ్తుంది, అంతే. “పంపించేస్తే” అన్నారు. ఆ “ఏస్తే”లో వదిలించుకోవడం వినిపిస్తుంది. మనం రోజూ మాట్లాడేటప్పుడు తినేశాను, వచ్చేశాను అని తేలిగ్గా వాడే ముక్కే అది. గొంతు తోడుంటే ఎవరూ పట్టించుకోరు. అక్షరాల్లో పడితే ముల్లులా గుచ్చుకుంటుంది. “ఇంక” కూడా అంతే. మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఉంటే ఇంక, ఇంకా రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి ఈ క్షణం నుంచి నా వల్ల కాదనడం, రెండోది ఇప్పటికీ మోస్తూనే ఉన్నానని మూలగడం. ఇంత చెప్పింది ఎందుకంటే, మీ తమ్ముడు తప్పుగా చదవలేదు. వాడి చేతికి వచ్చిన దానిని ఎవరైనా అలాగే చదువుతారు. నేనైనా అలాగే చదివేదాన్ని. కాబట్టి మీరు వాడికి రాసే మొదటి వాక్యం “నువ్వు అపార్థం చేసుకున్నావు” అని ఉండకూడదు.

వాయిస్‌నీ మొత్తం చాట్‌నీ సాక్ష్యంగా పంపడం వద్దనేది కూడా అందుకే. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. కొన్నేళ్ల కిందట మా అన్నయ్యకూ నాకూ ఇలాంటిదే వచ్చింది. నేనన్న ఒక మాట ఇంకొకరి ద్వారా సగం చేరింది. నేను రాత్రి కూర్చుని, ముందూ వెనకా మెసేజ్‌లన్నీ వరసగా 14 స్క్రీన్‌షాట్లు తీసి, తేదీలు కనిపించేలా చూసి పంపాను. అన్నీ నిజాలే. పొద్దున్నే అన్నయ్య నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది: “నువ్వే గెలిచావులేమ్మా.” ఆ తర్వాత మేము మళ్లీ మామూలుగా మాట్లాడుకోవడానికి దసరా నుంచి ఉగాది దాకా పట్టింది. నేను వాడిని జడ్జి కుర్చీలో కూర్చోబెట్టాను. వాడికి కావాల్సింది చెల్లెలు. మీ చాట్ మొత్తం పంపితే ఇంకో చిక్కుంది. అందులో మీ పిన్ని కూతురు మీతో చెప్పుకున్న తన ఇంటి మాటలు కూడా ఉంటాయి. మీ మాట మీకు చెప్పకుండా ఇంకొకరి చేతికి వెళ్లిందనే కదా ఈ బాధంతా. అదే పని ఆమెకు మీరు చెయ్యకండి.

ఇప్పుడు మెసేజ్ సంగతి. మీరు ఏమీ ఆలోచించకుండా ఇప్పుడు రాస్తే ఏం రాస్తారో నేను ఊహించి రాస్తాను. కోపం తెచ్చుకోకండి, నాకు వచ్చే ఉత్తరాల్లో సగం చిత్తుప్రతులు ఇలాగే ఉంటాయి.

> తమ్ముడూ, నువ్వు సగం చూసి అపార్థం చేసుకున్నావు. అది లిఫ్ట్ గురించి అన్న మాట. వాయిస్ విను, నీకే తెలుస్తుంది. నీ మనసు నొచ్చుకుని ఉంటే సారీ. కానీ ఇన్ని రోజులు అమ్మను చూసుకున్నది ఎవరో నీకు తెలుసు. గ్రూపులో పెట్టే ముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఇది పనిచెయ్యదు. మొదటి వాక్యం తప్పును వాడి చదువు మీదికి తోసింది. “నొచ్చుకుని ఉంటే” అన్న మాటలో నొచ్చుకున్నాడో లేదో మీకింకా అనుమానం ఉన్నట్టుంది, పన్నెండు రోజులుగా ఫోన్ ఎత్తని మనిషి విషయంలో. “అమ్మను చూసుకున్నది ఎవరో” అనేది ఆ మధ్య వాక్యమే, వేరే చీర కట్టుకుని మళ్లీ వచ్చింది. వాడు దీన్ని చదివి “అంటే నా గురించి అన్నది నిజంగా అనుకునే అన్నదన్నమాట” అని తేల్చుకుంటాడు. గ్రూపులో పెట్టడం గురించి మీ ఫిర్యాదు న్యాయమైనదే. అమ్మ కంట పడింది కాబట్టి చాలా పెద్ద ఫిర్యాదు కూడా. కానీ దాన్ని ఇందులో పెడితే వాడు ఆ ఒక్కదానికే జవాబిస్తాడు, మిగతాది చదవనట్టే ఉంటుంది.

నేనైతే ఇలా రాస్తాను. వరస చూడండి, మాటలు మీ ఇంట్లో వాడేవి పెట్టుకోండి.

> రేయ్ చిన్నా, ఆ మూడు మాటలూ నేను రాసినవే. వాటిని అలా చూస్తే అక్క అమ్మను వదిలించుకోవాలనుకుంటోందనే ఎవరికైనా అనిపిస్తుంది. నీ చోట నేనున్నా అలాగే అనుకునేదాన్ని.
>
> ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అమ్మ మెట్ల మధ్యలో కూలబడి ఉంది. అప్పటికి లిఫ్ట్ లేక 9 రోజులు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. లిఫ్ట్ బాగయ్యేదాకా అమ్మ మీ ఇంట్లో ఉంటే భయం ఉండదని చెప్పడానికి ఆ మాట రాశాను. నీకు చెప్పాల్సింది చెల్లికి చెప్పాను. ముందు నీకు ఫోన్ చెయ్యకపోవడం నా తప్పు.
>
> డబ్బు పంపితే అయిపోయిందనుకుంటాడు అన్నాను చూడు, దానికి లిఫ్ట్ సాకు లేదు. అది కోపంలో నీ మీద వేసిన మాట. ఆసుపత్రిలో నాలుగు రాత్రులు బెంచీ మీద పడుకున్నది నువ్వు. అది నాకు తెలిసీ అలా అన్నాను. ఆ మాట తప్పు. నన్ను క్షమించు.
>
> దీనికి ఇప్పుడే జవాబివ్వనక్కర్లేదు. నీకు వీలైన రోజు చెప్పు, నేనే వస్తాను.

ఇందులో “నాలుగు రాత్రులు బెంచీ మీద” అనేది నేను కల్పించింది. అక్కడ మీ తమ్ముడు అమ్మ కోసం నిజంగా చేసిన పని ఒకటి రాయాలి. డబ్బు కాని పని ఏదైనా. ఫిజియోథెరపీ వాళ్లను వెతికి కుదిర్చాడా, సెలవు పెట్టి వచ్చాడా, ప్రతి ఆదివారం సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో పడి వచ్చి అమ్మను నడిపించి వెళ్లాడా? వెతకండి. మీకు ఎంత వెతికినా ఒక్కటీ గుర్తు రాకపోతే కల్పించకండి. అప్పుడు “అమ్మ గురించి నీకు పట్టదని నేనెప్పుడూ అనుకోలేదు” అని రాయండి, అది నిజమైతేనే. నిజంగా జరిగిన చిన్న పని ఒకటి పేరు పెట్టి చెబితే వాడు ఆ వాక్యం దగ్గర ఆగుతాడు. ఊరికే “నువ్వు చాలా చేశావు” అని రాస్తే కళ్లు దాని మీంచి జారిపోతాయి.

రెండో పేరాలో లిఫ్ట్ గురించి ఎంత రాయాలో కూడా చెప్పాలి. నాలుగైదు చిన్న వాక్యాలు, అంతకన్నా వద్దు. అసోసియేషన్ వాళ్లు ఎన్నిసార్లు వాయిదా వేశారో, మెకానిక్ ఏమన్నాడో రాయడం మొదలుపెడితే అది సంజాయిషీ అవుతుంది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు మెట్లు ఎలా ఎక్కాలో దిగాలో మీ ఇద్దరికీ తెలిసే ఉంటుంది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు, పక్కన ఒక మనిషి. ఆ పక్కన మనిషి లేని మెట్ల మీద అమ్మ కూలబడిందన్న ఒక్క వాక్యం వాడికి చాలు. మిగతాది వాడే ఊహించుకుంటాడు.

మీ అలసట గురించి ఇందులో ఒక్క మాటా లేదని గమనించే ఉంటారు. అది కావాలనే తీసేశాను. మీ అలసట నిజం. ఆఫీసు చేసుకుంటూ, అమ్మకు మందులూ ఐస్ ప్యాకులూ కసరత్తులూ చూసుకుంటూ ఉన్న మనిషికి విసుగు రాకపోతేనే ఆశ్చర్యం. ఆ మధ్య వాక్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. అమ్మ బాధ్యత మీ ఇద్దరి మధ్య ఎలా పంచుకోవాలో ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోకపోవడం నుంచి వచ్చింది. ఆ మాట తప్పకుండా మాట్లాడుకోవాలి. కానీ క్షమాపణతో పాటే ఆ లెక్క కూడా పంపితే, వాడు లెక్కే చూస్తాడు. అది ముఖాముఖి మాట్లాడాల్సిన సంగతి, రెండోసారో మూడోసారో కలిసినప్పుడు.

పంపేటప్పుడు కొన్ని చూసుకోండి. దీన్ని వాట్సాప్ గడిలో కాకుండా ఫోన్‌లో నోట్స్‌లో రాసుకోండి, ఒక రాత్రి పక్కన పెట్టి పొద్దున్న మళ్లీ చదవండి. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు గానీ, దిద్దినట్టు పక్కన గుర్తు పడుతుంది. మొత్తం తీసేస్తే మెసేజ్ తొలగించారని ఒక గడి మిగులుతుంది. మామూలు రోజుల్లో వీటిని ఎవరూ పట్టించుకోరు. సగం కనిపించి సగం కనిపించక మొదలైన ఈ గొడవలో, “ఏదో రాసి తీసేసింది” అన్న ఆ ఒక్క గడి మళ్లీ నాలుగు రోజులు నడుస్తుంది. అలాగే మీ చెల్లెలితో జరిగిన పాత చాట్‌లో ఏదీ తీసెయ్యకండి, వాయిస్ అసలే వద్దు. నాలుగు పేరాలనూ ఒకే మెసేజ్‌గా పంపండి. ముక్కలుగా పంపితే మొదటి ముక్క చదివి వాడు జవాబు కొట్టడం మొదలుపెడతాడు, మధ్య వాక్యం గురించిన పేరా వచ్చేలోపు మాట ఎక్కడికో పోతుంది. పైగా ముక్కల్లో ఒకదాన్ని మళ్లీ ఎవరో స్క్రీన్‌షాట్ తియ్యొచ్చు.

వాయిస్‌లో చెప్పాలా, రాయాలా అని కూడా మీకు సందేహం రావచ్చు. మామూలుగా నేను గొంతే మేలంటాను. ఇక్కడ మాత్రం రాయమంటున్నాను, ఎందుకంటే వాడిని గాయపరిచింది రాతలో ఉంది, వాడు దాన్ని ఎన్నిసార్లు తెరిచి చూసి ఉంటాడో మనకు తెలియదు. దాని పక్కన పెట్టి చూసుకోవడానికి వాడికి ఇంకో రాత కావాలి.

అమ్మ ఫైలు, మందుల చీటీలు, వాకర్ మీ ఇంట్లోనే ఉండిపోయి ఉంటే వాటి కోసం ఈ మెసేజ్ దాకా ఆగకండి. ఇవాళే ఎవరితోనైనా పంపించండి. “ఫైలు తీసుకెళ్లడానికి రా, అప్పుడు మాట్లాడదాం” అనే ఆలోచన మీకు వచ్చి ఉంటుంది. వద్దు. అమ్మ మందులను సంధికి అడ్డం పెట్టినట్టవుతుంది. మరదలికి ఒక్క లైను, “ఫైలు పంపుతున్నాను, డాక్టర్ మళ్లీ రమ్మన్న తేదీ లోపల చీటీ మీద ఉంది” అని, చాలు. ఆమెను మధ్యవర్తిని చెయ్యకండి, అమ్మను అసలే చెయ్యకండి. అమ్మకు మీరు విడిగా, రోజూ, మామూలుగా ఫోన్ చెయ్యండి. ఆ స్క్రీన్‌షాట్ ఆవిడ కూడా చదివింది కాబట్టి ఆవిడకు చెప్పాల్సింది ఒకటుంది: “మెట్ల మీద నిన్నలా చూసి భయపడ్డానమ్మా, అందుకే అలా రాశాను.” తమ్ముడితో చెప్పమని మాత్రం అనకండి.

పంపాక ఏమవుతుంది? నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే, అది చెడ్డ గుర్తు కాదు. జవాబు ఇవ్వక్కర్లేదని మీరే రాశారు, ఆ మాట మీద నిలబడండి. మర్నాడు “చూశావా?” అని అడగకండి. “సరే” అని ఒక్క మాట వస్తే తీసుకోండి, దాని లోతు తవ్వకండి. కోపంగా నాలుగు మాటలు వస్తే, అందులో పాత సంగతులు కూడా వస్తే, ఒక్కోదానికీ జవాబు రాయకండి. “చదివాను. వచ్చినప్పుడు అన్నీ వింటాను” అని రాసి ఆపండి. వాడు “ఆ వాయిస్ ఏదీ, పంపు” అని అడిగితే అప్పుడు పంపండి. అడిగినప్పుడు పంపితే అది సాక్ష్యం కాదు, జవాబు. కోసి పంపకండి, మొదటి నుంచి చివరిదాకా మొత్తం పంపండి, అందులో మీకు సిగ్గనిపించే ముక్క ఉన్నా సరే. ఆ వాయిస్‌లో తమ్ముడి గురించి ఇంకో ఘాటు మాట ఉందని మీరు విన్నప్పుడు తేలితే, దాన్ని మెసేజ్‌లో మూడో పేరాలో ముందే ఒప్పుకోండి. వాడు తర్వాత విని కనిపెడితే ఈ మెసేజ్ మొత్తం నాటకమైపోతుంది.

టిక్కు ఒక్కటే పడి రోజుల తరబడి రెండోది రాకపోతే మిమ్మల్ని బ్లాక్ చేసి ఉండొచ్చు, ఫోన్ ఆఫ్‌లో ఉండొచ్చు. ఒక వారం చూసి, అదే మాటను కాగితం మీద చేత్తో రాసి పంపండి. వేరే నంబరు నుంచి పంపడం, వాడి ఆఫీసు స్నేహితుల ద్వారా చెప్పించడం వద్దు.

గ్రూపు సంగతికి వస్తే, అక్కడ వాడికీ అవమానమే జరిగింది. స్క్రీన్‌షాట్ పెట్టింది తనే అయినా, “డబ్బు పంపితే అయిపోయిందనుకుంటాడు” అన్న మాటను పెద్దనాన్నలూ అత్తయ్యలూ అందరూ చదివారు. కాబట్టి మీ మెసేజ్ వాడు చదివాడని తెలిసిన రెండు రోజులకు, వాడు జవాబిచ్చినా ఇవ్వకపోయినా, గ్రూపులో రెండు వాక్యాలు పెట్టండి: “తమ్ముడి గురించి నేను రాసిన మాట తప్పు. అమ్మ విషయంలో వాడు చెయ్యాల్సిందంతా చేశాడు.” అంతే. లిఫ్ట్ కథ అక్కడ చెప్పకండి. మీ పేరు నిలబెట్టుకునే అవకాశం చేతికొచ్చినప్పుడు వదిలెయ్యడం కష్టం, నాకు తెలుసు. కానీ లిఫ్ట్ కథ గ్రూపులో చెబితే అందరూ “అయితే తమ్ముడిదే తొందరపాటు” అంటారు, వాడు మళ్లీ ముడుచుకుంటాడు. మీ పక్షం మీ తమ్ముడే ఒకరోజు గ్రూపులో చెబుతాడు, చెప్పకపోయినా ఇంట్లో వాళ్లకు మెల్లగా తెలుస్తుంది.

మీ పిన్ని కూతురి మీద మీకు కోపం ఉండి ఉంటుంది. ఉత్తరంలో ఆమె రాసిన ప్రశ్నను మీరే ఎత్తి రాశారు: “వదినా, పెద్దమ్మ మీ ఇంటికొస్తోందా?” అందులో చాడీ నాకు కనిపించలేదు. వాయిస్ విన్న మనిషి కాబట్టి ఆమెకు ఆ మూడు వాక్యాలూ లిఫ్ట్ మాటల్లాగే కనిపించాయి. వినని మనిషికి ఎలా ఉంటాయో తోచలేదు. మధ్య వాక్యాన్ని కత్తిరించకుండా పంపడం మాత్రం ఆమె పొరపాటే. ఆ మాట ఆమెతో తర్వాత నెమ్మదిగా చెప్పండి. తమ్ముడికి రాసే మెసేజ్‌లో “చెల్లి అలా పంపింది కాబట్టి” అనే ముక్క ఎక్కడా రాకూడదు. నేను రాసిన దాంట్లో చూడండి, చెల్లి ఒక్కసారే వచ్చింది, అదీ మీ తప్పు చెప్పడానికి.

దీనితో ఎంత దూరం పోతామో కూడా చెప్పాలి. గొడవ నిజంగా ఈ స్క్రీన్‌షాట్‌తోనే మొదలై ఉంటే, ఈ మెసేజ్ తలుపు తెరుస్తుంది. “థాంక్స్ అక్కా” అన్న రెండు మాటల్లో నాకు వినిపించింది వెటకారం కన్నా ఎక్కువ బాధ, అందుకే ఆశ ఉంది. మదనపల్లె ఇంటి వాటాల దగ్గరో, పెళ్లప్పటి మాటల దగ్గరో పాత ముడి ఏదైనా ఉంటే మాత్రం స్క్రీన్‌షాట్ ఒక వంక మాత్రమే. అప్పుడు వాడి జవాబులో లిఫ్ట్ గురించి ఒక్క ముక్కా ఉండదు, ఎప్పటిదో ఒక సంవత్సరం, ఒక పండగ, ఒక మాట ఉంటాయి. అలా వస్తే వాదించకుండా మళ్లీ నాకు రాయండి, అది వేరే ఉత్తరం.

వాడు రమ్మంటే కారులో వెళ్లకండి. సిల్క్‌బోర్డ్ దగ్గర గంట నిలబడి చిరాకుగా తలుపు తడతారు. బెన్నిగానహళ్లిలో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు, ఆర్.వి. రోడ్‌లో యెల్లో లైన్‌కు మారితే ఎలక్ట్రానిక్ సిటీలో దిగొచ్చు. రెండు చోట్ల మారాలి, సమయం పడుతుంది, కానీ కూర్చుని వెళ్లొచ్చు. ఫోన్‌లో ఆ చాట్ తెరవకుండా వెళ్లండి. తమ్ముడు తలుపు తీసినప్పుడు అమ్మ లోపల వాకర్ పట్టుకుని నడుస్తూ ఉంటే, పక్కన చెయ్యి పట్టుకుని ఉన్న వాడిని ముందు పలకరించండి.